ముందు జేడీ, బడ్జెట్... ఆ తర్వాతే కాల్

"హాయ్, మీ ప్రొఫైల్ చూశాం. మా క్లయింట్ దగ్గర జావా డెవలపర్‌కి అర్జంట్ రిక్వైర్‌మెంట్ ఉంది. ఇప్పుడు ఓ ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

నౌక్రీలో రెజ్యూమే ఒక్క అక్షరం మార్చి సేవ్ చేస్తే చాలు, మర్నాటి నుంచి ఇలాంటి ఫోన్లూ మెసేజ్‌లూ మొదలవుతాయి. హైదరాబాద్‌లో నాలుగైదేళ్ల అనుభవం ఉన్న ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అడిగినా ఇదే చెబుతారు. అడిగేది ఐదు నిమిషాలే. కానీ క్లయింట్ ఎవరో ఉండదు, పని ఏమిటో ఉండదు, జీతం ఎంతో అసలే ఉండదు. మనం సరే అంటాం. అవతలివాళ్లు మన అనుభవం, జీతం, నోటీస్ పీరియడ్, ఊరు, చేతిలో ఉన్న ఆఫర్లు వరుసగా అడిగి రాసుకుంటారు. "టీమ్‌తో చెక్ చేసి చెబుతాం" అని పెట్టేస్తారు. మన గురించి వాళ్లకు అన్నీ తెలిశాయి. ఆ ఉద్యోగం గురించి మనకు మాత్రం ఏమీ తెలియలేదు.

అందుకే ఈమధ్య కొందరు కాల్‌కి ఒప్పుకునే ముందే ఒక మాట అడుగుతున్నారు: పూర్తి జేడీ, అంటే జాబ్ డిస్క్రిప్షన్, పంపండి, ఈ పొజిషన్‌కి బడ్జెట్ ఎంతో చెప్పండి. ఇలా అడిగితే పొగరనుకుంటారేమో, చేతికొచ్చిన అవకాశం పోతుందేమో అని భయపడేవాళ్లే ఇప్పటికీ ఎక్కువ. అవతలి పక్క ఏం జరుగుతుందో తెలిస్తే ఈ భయం సగం తగ్గుతుంది.

కంపెనీలో ఒక మేనేజర్‌కు మనిషి కావాలంటే నోటిమాటతో పని జరగదు. రిక్విజిషన్ పెట్టాలి. ఏ లెవెల్‌కి, ఎన్నేళ్ల అనుభవానికి, ఏ ఊళ్లో, ఎంత ఖర్చుకు అన్నది అందులో రాయాలి. ఆ లెవెల్‌కి కనిష్ఠం, గరిష్ఠం ముందే నిర్ణయించి ఉంటాయి. ఫైనాన్స్ వాళ్లు ఆమోదించాకే అది రిక్రూటర్ల దగ్గరికో, బయటి కన్సల్టెన్సీల దగ్గరికో వెళుతుంది. కాబట్టి మీకు ఫోన్ చేసిన అమ్మాయి ముందున్న షీట్‌లో ఆ అంకె దాదాపుగా ఉండే ఉంటుంది. మీరు అడిగేది ఆ ఒక్క గడి చదివి చెప్పమనే. కొత్తగా ఎవరి దగ్గరా అనుమతి తెచ్చుకోవాల్సిన సంగతి కాదు.

అయితే అంకె ఉన్నప్పటికీ చెప్పరేం? ఇక్కడే రిక్రూటర్ ఎవరి మనిషో తెలుసుకోవాలి. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే గొంతుతో ఫోన్ చేస్తుంటారు.

మొదటివారు కంపెనీ సొంత హెచ్‌ఆర్. వీళ్లకు బ్యాండ్ తెలుసు. కానీ బయటికి చెప్పకూడదన్న అంతర్గత నియమం ఉండొచ్చు. ఆ అంకె బయటికొస్తే ఇప్పటికే అదే పని చేస్తున్న పాతవాళ్లు తమ జీతంతో పోల్చుకుంటారన్నది కంపెనీల భయం. ఆ భయం ఉత్తది కాదు, చాలాచోట్ల కొత్తగా వచ్చినవాళ్లకే ఎక్కువ ఇస్తారు.

రెండోవారు పర్మనెంట్ ఉద్యోగాలకు మనుషుల్ని చూపించే కన్సల్టెన్సీ వాళ్లు. వీళ్ల ఫీజు మీ మొదటి ఏడాది సీటీసీలో కొంత శాతం. మన దేశంలో తరచూ వినిపించే లెక్క 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. మీకు 18 లక్షలొస్తే వాళ్లకు సుమారు లక్షన్నర. మీకు ఎక్కువ వస్తే వాళ్లకూ ఎక్కువే కదా, మన తరఫునే మాట్లాడతారు అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 18కి బదులు 17 లక్షలకే మిమ్మల్ని ఒప్పిస్తే వాళ్లకు పోయేది ఎనిమిది వేల చిల్లర, మీకు పోయేది లక్ష. బేరం పొడిగించి ఆ ఎనిమిది వేలు తెచ్చుకోవడం కంటే, ఈ వారమే మీచేత సంతకం పెట్టించి లక్షా నలభై వేలు ఖాయం చేసుకోవడమే వాళ్లకు మేలు. అందుకే వీళ్లు బడ్జెట్ చెప్పడానికి పెద్దగా వెనుకాడరు గానీ, గరిష్ఠం కాస్త తగ్గించి చెబుతారు.

మూడోవారితోనే అసలు జాగ్రత్త. వీళ్లు కాంట్రాక్ట్ ఉద్యోగాలవాళ్లు. మీరు పనిచేసేది పెద్ద కంపెనీలో, జీతమిచ్చేది వీళ్లు. థర్డ్ పార్టీ పేరోల్ అన్నా, సీ2హెచ్ అన్నా మొదట్లో ఉండే ఏర్పాటు ఇదే. క్లయింట్ మీ పేరు మీద నెలకు 1,60,000 రూపాయలు వెండర్‌కి ఇస్తోందనుకుందాం. అందులోంచి మీ జీతం, పీఎఫ్, ఇన్సూరెన్స్ పోగా మిగిలింది వెండర్‌ది. మీ జీతంలో తగ్గిన ప్రతి రూపాయీ నేరుగా వాళ్ల జేబులోకి వెళుతుంది, అదీ ఒక్కసారి కాదు, ప్రతి నెలా. మీ ప్రస్తుత సీటీసీ 9 లక్షలని మీరే ముందు చెప్పేస్తే "30 శాతం హైక్ ఇప్పిస్తాం సర్" అని 11 లక్షల 70 వేల దగ్గర కూర్చోబెడతారు. మీకు సంతోషంగానే ఉంటుంది. క్లయింట్ మాత్రం మీ పేరు మీద ఏడాదికి 19 లక్షల 20 వేలు కడుతూ ఉంటుంది. ఇలాంటిచోట వెండర్ చెప్పే "బ్యాండ్" క్లయింట్ పెట్టింది కాదు, వెండర్ తన మిగులు చూసుకుని గీసిన గీత.

అందువల్ల జేడీ, బడ్జెట్‌తో పాటు మరో రెండు సంగతులు అడగక తప్పదు: క్లయింట్ పేరు, పేరోల్ ఎవరిది అన్నది. మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్తే అండి. ఈ ఓపెనింగ్ గురించి చెప్పినందుకు థాంక్స్. కాల్‌కి ముందు పూర్తి జేడీ, క్లయింట్ పేరు, ఈ పొజిషన్ బడ్జెట్ పంపగలరా? బడ్జెట్‌లో ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అన్నది కూడా రాయండి. పేరోల్ క్లయింట్‌దా, మీదా? వివరాలు చూసుకుని ఈరోజు సాయంత్రం 6 తర్వాత గానీ, రేపు ఉదయం 9 లోపు గానీ మాట్లాడతాను."

ఇందులో ముఖ్యమైనది చివరి వాక్యం. టైమ్ చెప్పడంతో మీరు తప్పించుకోవడం లేదని అవతలివారికి అర్థమవుతుంది. రిక్రూటర్‌కి రోజుకు ఇన్ని ప్రొఫైళ్లు పంపాలని టార్గెట్ ఉంటుంది. మాట్లాడతానన్న మనిషిని వదులుకోవడం ఆమెకూ నష్టమే. "నా టైమ్ వేస్ట్ చేయకండి", "జీతం చెప్పకపోతే ఫోన్ చేయొద్దు" లాంటి మాటలు రాస్తే కోపం తీరుతుందేమో గానీ జవాబు రాదు. పాతికేళ్లు నిండని అమ్మాయో అబ్బాయో ఇరవై వేల జీతానికి పొద్దున్నుంచి ఈ ఫోన్లు చేస్తూ ఉండి ఉంటారు. మర్యాదగా అడిగితే చాలామంది ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు.

ఫోన్ ఎత్తాక తెలిసినా ఇబ్బందేం లేదు. "మేడమ్, ఇప్పుడు మీటింగ్‌లో ఉన్నాను, ఇదే నంబరుకు వాట్సాప్‌లో జేడీ, బడ్జెట్ పెట్టండి, సాయంత్రం నేనే చేస్తాను" అంటే సరి. చెప్పినట్టు సాయంత్రం చేయాలి మరి.

ఇక వచ్చే జవాబులు. ఇవి చాలావరకు అరువు మాటలే, ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నవి. "బెస్ట్ ఇన్ ఇండస్ట్రీ", "యాజ్ పర్ మార్కెట్ స్టాండర్డ్స్" అన్నారంటే చెప్పదలచుకోలేదని అర్థం. ఒకసారి మళ్లీ అడగొచ్చు, కానీ ప్రశ్న మార్చి అడగాలి: "నేను 16 లక్షల ఫిక్స్‌డ్‌కి తక్కువైతే మారను. అది ఈ బడ్జెట్‌లో ఉందా, లేదా అన్నంతవరకు చెప్పండి." అంకె చెప్పడానికి ఇష్టపడనివాళ్లు కూడా ఉందనో లేదనో చెప్పగలరు. కంపెనీ సొంత హెచ్‌ఆర్ అయితే ఈ దారే బాగా పనిచేస్తుంది. వాళ్ల నియమం వాళ్లకు చెడదు, మీకు కావాల్సింది మీకు తెలుస్తుంది.

"ఇంటర్వ్యూ పెర్ఫార్మెన్స్‌ని బట్టి" అన్నది పూర్తిగా అబద్ధం కాదు. బ్యాండ్‌లో మిమ్మల్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంటర్వ్యూను బట్టే తేలుతుంది. కానీ బ్యాండ్ ఏమిటన్నది ఇంటర్వ్యూను బట్టి మారదు. "నిజమేనండి, మరి కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు ఎంత ఉంది?" అని అక్కడే అడగాలి.

"మీ కరెంట్ సీటీసీ చెప్పండి, దాని మీద 30 శాతం" అన్నది అన్నిటికంటే ఎక్కువ వినిపించే జవాబు. కంపెనీలు పాత జీతం అడక్కూడదన్న చట్టం మన దేశంలో లేదు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పేస్లిప్‌లూ ఫారం 16లూ ఎలాగూ చూస్తారు, కాబట్టి పాత జీతం పెంచి చెప్పడం ప్రమాదం. చెప్పకుండా వాయిదా వేయడంలో మాత్రం తప్పేం లేదు. "నేను ఆశిస్తున్నది ఇంత. ఇది బడ్జెట్‌లో ఉంటే కరెంట్ వివరాలు హెచ్‌ఆర్ రౌండ్‌లో పేస్లిప్‌తో సహా ఇస్తాను" అనొచ్చు. ట్రాకర్‌లో ఆ గడి నింపకపోతే ప్రొఫైల్ ముందుకు కదలని చోట్లూ ఉంటాయి. అప్పుడు చెప్పక తప్పదు. కనీసం బడ్జెట్ విన్నాక చెబుదాం.

"క్లయింట్ కాన్ఫిడెన్షియల్" అన్నప్పుడు ఒక చిన్న చిట్కా పనికొస్తుంది. జేడీ మాత్రం పంపమనండి. అందులో కాస్త విడ్డూరంగా ఉన్న వాక్యం ఒకటి, ఏ ప్రాజెక్టు గురించో, ఏ ప్రొడక్ట్ గురించో ఉన్నది, ఎత్తి కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. చాలాసార్లు అదే వాక్యం ఏదో కంపెనీ కెరీర్స్ పేజీలో జాబ్ ఐడీతో సహా దొరుకుతుంది. వెండర్లు జేడీని తిరగరాయరు, ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తారు.

క్లయింట్ పేరు ఎందుకంత అవసరమంటారా? మీరు ఫోన్లో "ఇంట్రెస్టెడ్" అన్న మాటతో కొందరు మీ రెజ్యూమేని క్లయింట్ పోర్టల్‌లోకి ఎక్కించేస్తారు. అక్కడ మీ ఫోన్ నంబరు, ఈమెయిల్ ఆ వెండర్ పేరు మీద నమోదైపోతాయి. కొన్ని నెలలపాటు, తరచుగా ఆరు నెలల దాకా, మిమ్మల్ని అదే కంపెనీకి ఇంకొకరు చూపించబోతే డూప్లికేట్ అని వెనక్కి వస్తుంది. ఆ కంపెనీలో పనిచేసే మీ స్నేహితుడు రిఫరల్ పెట్టినా ఇదే గతి పట్టవచ్చు. ఎవరికి పంపుతున్నారో తెలియకుండా సరే అనడంలో ఉన్న నష్టం ఇది. అమెరికాలో కాంట్రాక్టుల మీద పనిచేసే మనవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. అక్కడ వెండర్ ముందుగా ఆర్‌టీఆర్ అనే మెయిల్ పంపి, ఫలానా క్లయింట్‌కు, ఫలానా గంట రేటుకు మీ తరఫున ప్రొఫైల్ పెట్టడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం ఆనవాయితీ. ఇక్కడ ఆ కాగితం అలవాటు తక్కువ, అందుకే "నేను మెయిల్‌లో ఓకే చెప్పేదాకా ఎక్కడా సబ్మిట్ చేయకండి" అని మనమే రాసిపెట్టుకోవాలి.

జేడీ వచ్చిందనుకుందాం. చాలామంది టెక్నాలజీల జాబితా చూసి ఊరుకుంటారు. చూడాల్సింది దాని కింద. పైన టైటిల్ జావా డెవలపర్ అని ఉంటుంది. లోపలికి వెళ్లేసరికి టికెట్లు, ఇన్సిడెంట్లు, ఎస్‌ఎల్‌ఏ, ఆన్‌కాల్, ఎల్2 అన్న మాటలు కనిపిస్తాయి. అది డెవలప్‌మెంట్ కాదు, ప్రొడక్షన్ సపోర్ట్. రాత్రి రెండింటికి ఫోన్ మోగే ఉద్యోగం. ఫోన్లో అడిగితే "కొంచెం సపోర్ట్ కూడా ఉంటుందండి" అంటారు, ఆ కొంచెం ఎంతో కాగితం మీద తెలుస్తుంది. అలాగే షిఫ్ట్. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలై రాత్రి పదింటికి ముగిసే యూకే షిఫ్ట్, వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రావాలన్న నియమం, హైదరాబాద్ అని మొదలై "అవసరాన్ని బట్టి పుణె" అని ముగిసే లొకేషన్ లాంటివి జేడీలో చివరి మూడు లైన్లలో ఉంటాయి. ఎల్బీ నగర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు అయినవాళ్లకు ఆ మూడు లైన్లే జీతమంత ముఖ్యం.

ఇంకొక రకం జేడీ ఉంది. జావా, పైథాన్, రియాక్ట్, మూడు క్లౌడ్‌లు, రెండు డేటాబేస్‌లు, పైన సేల్స్‌ఫోర్స్ కూడా. ఇలాంటిది వచ్చిందంటే చాలాసార్లు నిజమైన ఖాళీ ఉండదు. రేపెప్పుడో ప్రాజెక్ట్ వస్తే చూపించడానికి ముందే రెజ్యూమేలు పోగుచేస్తున్నారన్నమాట. జేడీ అసలే పంపకుండా, ముందు రిజిస్ట్రేషన్ ఫీజో ట్రైనింగ్ డిపాజిటో కట్టమంటే అది ఉద్యోగమే కాదు, అక్కడితో వదిలేయాలి.

ఇప్పుడు అంకె దగ్గరికి వద్దాం. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ఆరేళ్ల అనుభవం ఉన్న జావా డెవలపర్, హైదరాబాద్, ప్రస్తుత సీటీసీ 12 లక్షలు. రిక్రూటర్ పంపిన మెసేజ్: "అనుభవం 5 నుంచి 8 ఏళ్లు, బడ్జెట్ 14 నుంచి 20 లక్షలు."

మొదట కంటికి కనిపించేది 20. అది ఈయన కోసం కాదు. ఆ బ్యాండ్ ఎనిమిదేళ్లవాళ్లను కూడా కలుపుకుని ఉంది. పైగా వచ్చే ఏడాది ఇంక్రిమెంట్ ఇవ్వడానికి చోటు ఉండాలి కాబట్టి మేనేజర్లు కొత్తవాళ్లను గరిష్ఠం దగ్గర తీసుకోవడానికి ఇష్టపడరు. ఆరేళ్లవాడికి 15 నుంచి 18 మధ్యలో ఎక్కడో తేలుతుందనుకోవాలి. అదృష్టం బాగుండి 18 అన్నారు. పన్నెండు మీద పద్దెనిమిది అంటే 50 శాతం హైక్. ఇంట్లో స్వీట్లు కూడా తెప్పించేశారు.

ఆ 18 లక్షల్లో 1,80,000 వేరియబుల్. లక్ష రూపాయలు జాయినింగ్ బోనస్, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి, మరుసటి ఏడాది ఉండదు. మిగిలింది 15,20,000. బేసిక్ నెలకు 60,000 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం లెక్కన ఏడాదికి 86,400. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే 34,632, ఇది కూడా సీటీసీలోనే కలిపి చూపిస్తారు. పర్మనెంట్ ఉద్యోగికి అది సాధారణంగా ఐదేళ్లు నిండితేనే చేతికొస్తుంది. ఇవి తీసేస్తే నెల జీతం సుమారు 1,16,600. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 7,200, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి. 2025-26 కొత్త పన్ను విధానం ప్రకారం ఆదాయపు పన్ను నెలకు సుమారు 6,800 పడుతుంది. చేతికి వచ్చేది దాదాపు 1,02,400.

పాత ఉద్యోగంలో 12 లక్షలు మొత్తం ఫిక్స్‌డే. పీఎఫ్ నెలకు 1,800 మాత్రమే కట్టేవారు, చట్టపరమైన 15,000 పరిమితి మీద లెక్క అది. బేసిక్ 50,000 మీద గ్రాట్యుటీ తీసేస్తే, పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా చేతికి సుమారు 93,800. పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి రిబేట్ వల్ల ఆదాయపు పన్ను సున్నా.

కాగితం మీద 50 శాతం. నెలాఖరున బ్యాంకు మెసేజ్‌లో తేడా ఎనిమిదిన్నర వేలు. పీఎఫ్ ఎక్కడికీ పోదు, తన ఖాతాలోనే పడుతుంది. వేరియబుల్ వస్తే అదీ లాభమే. కాబట్టి కొత్త ఉద్యోగం చెడ్డదని కాదు. కానీ ఈఎంఐ కట్టాల్సింది నెలనెలా వచ్చే జీతంతోనే, ఎప్పుడో వచ్చే వేరియబుల్‌తో కాదు. "బడ్జెట్ ఎంత" అని ఊరికే అడిగితే చాలదు, "ఫిక్స్‌డ్ ఎంత" అని అడగాలనడం ఇందుకే. వేరియబుల్ గురించి ఇంకొక ప్రశ్న కూడా ఉంది: పోయిన ఏడాది నూటికి ఎంత చెల్లించారు? రిక్రూటర్‌కి తెలియకపోవచ్చు, హెచ్‌ఆర్‌కి తెలుస్తుంది.

ఈ ప్రశ్న అడిగే హక్కు కోసం బయటి దేశాల్లో చట్టాలే వచ్చాయి. కాలిఫోర్నియా కథ సరదాగా ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి అక్కడ కంపెనీలు అభ్యర్థి పాత జీతం అడక్కూడదు, అభ్యర్థి సముచితంగా అడిగితే పే స్కేల్ చెప్పాలి. సముచితంగా అంటే ఎప్పుడని గొడవ వచ్చింది. మొదటి ఇంటర్వ్యూ అయ్యాక అడిగితేనే అని అదే ఏడాది ఇంకో చట్టంతో తేల్చారు. అంటే మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న పని, కాల్‌కి ముందే అడగడం, అక్కడి హక్కులో లేకుండా పోయింది. మళ్లీ 2023 జనవరి 1 నుంచి, 15 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలు ప్రకటనలోనే పే స్కేల్ వేయాలన్నారు. దాంతో అడగాల్సిన పనే తప్పింది. కొలరాడో అంతకు రెండేళ్ల ముందే, 2021లోనే, ఈ నియమం తెచ్చింది. అప్పుడు కొన్ని కంపెనీలు ఇంటి నుంచి చేసే ఉద్యోగాల ప్రకటనల్లో "కొలరాడోవాళ్లు అప్లై చేయొద్దు" అని రాశాయి. జీతం చెప్పడం కంటే ఒక రాష్ట్రం మొత్తాన్ని వదులుకోవడమే నయమనుకున్నాయి! యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన పే ట్రాన్స్‌పరెన్సీ డైరెక్టివ్ అభ్యర్థికి మొదటి జీతమో, దాని పరిధో ముందే తెలియాలంటుంది, ప్రకటనలో గానీ ఇంటర్వ్యూకి ముందు గానీ. సభ్య దేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి పెట్టిన గడువు 2026 జూన్ 7.

మన దగ్గర ప్రైవేటు కంపెనీలకు అలాంటి చట్టం లేదు. తమాషా ఏమిటంటే సర్కారు ఉద్యోగానికి ఇది మనకు ఎప్పటినుంచో అలవాటే. గ్రూప్-2 నోటిఫికేషన్ పడితే పోస్టు పేరు పక్కనే పే స్కేల్ ఉంటుంది. అది లేని నోటిఫికేషన్‌ను ఎవరూ ఊహించరు కూడా. అది అడిగినందుకు ఎవరినీ డబ్బు మనిషి అనరు.

అయితే ఈ ప్రశ్న అందరికీ ఒకేలా పనికొస్తుందని చెప్పను. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన ఫ్రెషర్‌కి బ్యాండ్ అంటూ ఉండదు, అందరికీ ఒకటే ప్యాకేజీ, అది ముందే ప్రకటిస్తారు. వాక్-ఇన్ డ్రైవ్‌లలో అడిగినా చెప్పే మనిషి దొరకరు. ఉద్యోగం పోయి రెండు నెలలైనవారు కాల్‌కి ముందు షరతులు పెట్టాలని నేననను. వాళ్లు ఫోన్ ఎత్తాలి, కానీ మొదటి రెండు నిమిషాల్లోనే ఇవే ప్రశ్నలు అడగాలి, తమ అంకె చెప్పకముందే. తెలిసిన మేనేజర్ నేరుగా పిలిస్తే ముందు వెళ్లి మాట్లాడటమే మర్యాద, జీతం సంగతి ఆయనే ఎత్తుతారు. బాగా సీనియర్ పోస్టుల్లో మనిషిని బట్టి పోస్టునే మారుస్తారు, అక్కడ జేడీ ఒక సాకు మాత్రమే. ఇక అడిగిన ప్రతిసారీ జవాబు వస్తుందనీ కాదు. కొందరు చూసి ఊరుకుంటారు, కొందరు "ఓకే" అని మాయమవుతారు. వాటిలో ఒకటీ అరా నిజంగా మంచి ఉద్యోగం ఉండి ఉండొచ్చు కూడా. సొంతంగా హెచ్‌ఆర్ ఉన్న పేరున్న కంపెనీ అయితే, జేడీ పంపి జీతం మాత్రం ఫోన్లో మాట్లాడదాం అంటే, నేనైతే ఆ పది నిమిషాలు ఇస్తాను. పేరు చెప్పని క్లయింట్, జేడీ లేని వెండర్ అయితే ఇవ్వను.

జవాబు వచ్చిన మెసేజ్‌ని మాత్రం తుడిచేయకండి. మూడు నాలుగు రౌండ్లు అయ్యేసరికి నెల దాటిపోతుంది, ఫోన్ చేసిన మనిషి అప్పటికి వేరే కంపెనీకి మారిపోయి ఉంటారు. చివరి హెచ్‌ఆర్ రౌండ్‌లో "ఈ పొజిషన్‌కి మాక్సిమమ్ 15 అండి" అన్నప్పుడు, "మొదట్లో నాకు 14 నుంచి 20 అని రాశారు, ఇదిగోండి తేదీతో సహా" అని చూపించొచ్చు. ఆ మెసేజ్‌కి కట్టుబడాల్సిన బాధ్యత కంపెనీకి లేదు, వెండర్ రాసింది మాకు సంబంధం లేదని అనగలరు. కానీ ఎవరి లెక్క తప్పో ఆ ఇద్దరూ తేల్చుకోవాల్సి వస్తుంది. నాలుగు రౌండ్లు పాసైన మనిషిని ఆ దశలో వదులుకుంటే వెండర్‌కి ఫీజు పోతుంది, మేనేజర్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.